నెగెటివ్ వచ్చిన ఏరియా: x²(ln x)³ మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి దగ్గరే సాయంత్రాలు ఇంటర్ ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతాను. బ్యాచ్‌కి ఆరేడుగురే ఉంటారు. అందరి రఫ్ బుక్కులూ చూడగలిగేది అంతమంది ఉన్నప్పుడే. ఈ కేసు ఒక సెకండియర్ అమ్మాయిది. ఆమె పేరు, కాలేజీ ఇక్కడ చెప్పను. గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం ఆమె పుస్తకంలో ఉన్నట్టే ఇస్తున్నాను.

ఆమె ఇంటిగ్రేషన్‌లో వెనకబడిన పిల్ల కాదు. ప్రతిక్షేపణ బాగా చేస్తుంది, పార్షియల్ ఫ్రాక్షన్స్‌లో తప్పు పోదు. బై పార్ట్స్ ఒక్కసారి వేసే లెక్కలన్నీ కరెక్టు. రెండుసార్లు, మూడుసార్లు వేయాల్సి వస్తే మాత్రం జవాబు కలవదు. అది కూడా ప్రతిసారీ కాదు. ఒకసారి కలుస్తుంది, ఇంకోసారి కలవదు. అందుకే ఇన్నాళ్లూ అందరూ దాన్ని అజాగ్రత్త కింద తీసేశారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

రాతలో ఒక సౌలభ్యం కోసం చెబుతున్నాను: మన ఇంటర్ పుస్తకాల్లో log x అని రాసి, ఆధారం e అనుకుంటాం. ఇక్కడ దాన్ని ln x అంటాను. పదే పదే రావాల్సిన చోట L అని రాస్తాను. L అంటే ln x, అంతే.

ఆమె తెచ్చిన సమస్య

సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి క్లాసు. ఆమె పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"సార్, ఒకటి నుంచి e వరకు x స్క్వేర్ లాగ్ క్యూబ్. కీలో (4e³ + 2)/27 ఇచ్చారు. నాకు నాలుగు బదులు ఎనిమిది వస్తోంది, అదీ మైనస్‌లో. మూడుసార్లు చేశాను సార్, మూడుసార్లూ అదే."

పేజీలో ఉన్నది ఇది:

```
I = x³L³/3 − ∫ x²L² dx
  = x³L³/3 − x³L²/3 − (2/3)∫ x²L dx
  = x³L³/3 − x³L²/3 − 2x³L/9 − (2/9)∫ x² dx
  = x³L³/3 − x³L²/3 − 2x³L/9 − 2x³/27
```

లిమిట్స్ వేసి చివర (−8e³ + 2)/27 అని రాసింది. క్యాలిక్యులేటర్‌లో వేస్తే అది సుమారు −5.88.

మూడుసార్లు చేసినా అదే తప్పు వచ్చిందన్న మాట దగ్గర నేను ఆగాల్సింది. అజాగ్రత్త అయితే తప్పు ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది. అదే చోట మూడుసార్లు పడిందంటే, దాని వెనక ఆమె పాటిస్తున్న పద్ధతి ఏదో ఉందన్నమాట. ఆ రోజు నాకు అది తట్టలేదు. లాగ్ కనిపించగానే నా మనసు ఐలేట్ మీదికి పోయింది.

మొదటి ప్రయత్నం: ఐలేట్

బై పార్ట్స్‌లో ఏది మొదటి ప్రమేయం, ఏది రెండోది అన్నదానికి మన దగ్గర పిల్లలందరూ ఐలేట్ వరస పట్టుకుంటారు. ఇన్వర్స్ ట్రిగ్, లాగ్, ఆల్జీబ్రా, ట్రిగ్, ఎక్స్‌పొనెన్షియల్ అన్నది ఆ వరస. ముందు వచ్చినదాన్ని డిఫరెన్షియేట్ చేస్తాం, తర్వాతదాన్ని ఇంటిగ్రేట్ చేస్తాం. ఇక్కడ లాగ్ ముందు, x² తర్వాత. ఆమె అలాగే తీసుకుంది. అయినా ఆ ఎంపికకు కారణం ఆమెకు తెలుసో లేదో చూద్దామని దాని గురించి పావుగంట మాట్లాడాను.

కారణం చిన్నదే. x² ని ఇంటిగ్రేట్ చేస్తే x³/3 వస్తుంది. L³ ని డిఫరెన్షియేట్ చేస్తే 3L²/x వస్తుంది. రెండూ గుణిస్తే ఆ 1/x వచ్చి x³ లో ఒక x ని కొట్టేస్తుంది, మళ్లీ x² మిగులుతుంది. అంటే ఒక్కసారి బై పార్ట్స్ వేస్తే లాగ్ ఘాతం ఒకటి తగ్గుతుంది, x ఘాతం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడుసార్లు వేస్తే లాగ్ పూర్తిగా పోతుంది. తిరగేసి x² ని డిఫరెన్షియేట్ చేద్దామంటే ముందు L³ ని ఇంటిగ్రేట్ చేయాలి. అది అసలు లెక్క కంటే తేలికేమీ కాదు.

ఆమెకు ఇదంతా తెలుసు. నేను చెప్పేలోపే "x క్యూబ్‌లో ఒక x పోతుంది కదా సార్" అంది. అయినా నమ్మకం కోసం మూడు లెక్కలు ఇచ్చాను: ∫ x ln x dx, ∫ x² ln x dx, ∫ √x ln x dx. మూడూ పది నిమిషాల్లో చేసింది, మూడూ కరెక్టు. నేను "సరే, బాగానే ఉంది, ఇక జాగ్రత్తగా చెయ్యమ్మా" అని పంపించాను.

ఇక్కడ నా పొరపాటు చెప్పాలి. ఆ మూడు లెక్కల్లోనూ లాగ్ ఘాతం ఒకటే. బై పార్ట్స్ ఒక్కసారి వేస్తే అయిపోతుంది, వచ్చే మైనస్ కూడా ఒక్కటే. ఆమె తప్పు రెండో మైనస్ దగ్గర మొదలవుతుంది. రెండో మైనస్ లేని లెక్కలు ఎన్ని ఇచ్చినా ఆ తప్పు బయటికి రాదు. నేను పెట్టిన పరీక్షలో ఆ రోగం కనిపించే అవకాశమే లేదు.

రెండో ప్రయత్నం: టేబుల్, దాని తర్వాత t

రెండు రోజుల తర్వాత ఆమే ఒక టేబుల్ తెచ్చింది. కోచింగ్‌లో ఎవరో చెప్పిన పద్ధతి: ఎడమ వరసలో డిఫరెన్షియేట్ చేస్తూ పోవాలి, కుడి వరసలో ఇంటిగ్రేట్ చేస్తూ పోవాలి, ఏటవాలుగా గుణించి ప్లస్ మైనస్ మార్చి మార్చి రాయాలి. x³eˣ లాంటి లెక్కలకు ఇది చక్కని పద్ధతి. x³ ని నాలుగుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే సున్నా అవుతుంది, టేబుల్ ఆగిపోతుంది. గుర్తులు టేబులే చూసుకుంటుంది కాబట్టి ఆమె సమస్య తీరుతుందని నేనూ ఆశపడ్డాను.

ఆమె రాసినది ఇలా ఉంది:

```
L³                  x²
3L²/x               x³/3
(6L − 3L²)/x²       x⁴/12
(6L² − 18L + 6)/x³  x⁵/60
```

నాలుగో వరస దగ్గర పెన్ను ఆగిపోయింది. "ఇది తగ్గట్లేదు సార్, పెరుగుతోంది" అంది. నిజమే. లాగ్ ఘాతాన్ని డిఫరెన్షియేట్ చేస్తే 1/x పుడుతుంది. దాన్ని ఎడమ వరసలోనే ఉంచితే, తర్వాతి వరసలో దాన్ని కూడా డిఫరెన్షియేట్ చేయాల్సి వస్తుంది. ఇలా ఎంతదూరం పోయినా సున్నా రాదు. చేత్తో బై పార్ట్స్ వేసేటప్పుడు మనం ప్రతి మెట్టులోనూ 1/x ని x³ తో కొట్టేసి ముందుకు వెళ్తాం. టేబుల్‌లో ఆ కొట్టివేతకు చోటు లేదు. అదే తేడా.

టేబుల్‌ని వదిలేయకుండా లెక్కనే మార్చవచ్చు కదా అనుకుని ln x = t పెట్టమన్నాను. అప్పుడు x = eᵗ, L³ కాస్తా t³ అవుతుంది. t³ నాలుగు మెట్లలో సున్నా అవుతుంది, టేబుల్ ఆగుతుంది. ఆమె వెంటనే ∫ t³e²ᵗ dt అని రాసి చకచకా చేసింది. జవాబులో x² బయటికి వచ్చింది, హారాల్లో 2, 4, 8, 16 వచ్చాయి.

మళ్లీ తప్పే, కానీ ఇది వేరే తప్పు. x² బదులు e²ᵗ రాసింది, dx ని మాత్రం dt గా మార్చేసి ఊరుకుంది. dx = eᵗ dt కాబట్టి ఇంకో eᵗ కలిసి e³ᵗ కావాలి. ఈ తప్పు పట్టుకోవడానికి లెక్క మొత్తం తిరగేయక్కర్లేదు. x² ని ఇంటిగ్రేట్ చేస్తే x³ రావాలి. లాగ్ ఎన్ని ఉన్నా జవాబు ముందు నిలబడేది x³ మాత్రమే. ముందు x² కనిపించిందంటే dx ఎక్కడో జారిపోయినట్టే. అది చూపించాక తనే సరిచేసుకుంది:

```
∫ t³e³ᵗ dt = e³ᵗ [ t³/3 − 3t²/9 + 6t/27 − 6/81 ]
```

eᵗ స్థానంలో x పెడితే x³[L³/3 − L²/3 + 2L/9 − 2/27]. లిమిట్స్ వేస్తే (4e³ + 2)/27, కీలో ఉన్నదే.

జవాబు కలిసింది. పద్ధతి కూడా మంచిదే, నేను ఇప్పటికీ చెబుతాను. కానీ ఆమె మొహంలో వెలుగు లేదు. "మరి నేను మొదట చేసింది ఎందుకు తప్పు సార్?" అని అడిగింది. బై పార్ట్స్‌తోనే చెయ్యమని ప్రశ్నలో అడిగితే t పెట్టి తప్పించుకోలేదు. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే, ఆమె పేజీలోని తప్పు ఇంకా అక్కడే ఉంది. మేం దాని పక్కనుంచి నడిచి వెళ్లాం, అంతే.

తప్పు ఎక్కడ దొరికింది

ఆ సాయంత్రం మొదటి పేజీనే మళ్లీ తెరిపించాను. ఈసారి వరసలు చదవకుండా చివరి సంఖ్యనే చూడమన్నాను, −5.88.

"ఒకటి నుంచి e వరకు ln x ఎంత ఉంటుందమ్మా?"

"సున్నా నుంచి ఒకటి."

"x స్క్వేర్?"

"పాజిటివే." ఒక్క క్షణం ఆగింది. "ఏరియా మైనస్ ఎలా వస్తుంది సార్?"

గ్రాఫ్ గీసింది. x = 1 దగ్గర ప్రమేయం విలువ సున్నా, x = e దగ్గర e², అంటే 7.39. రేఖ మధ్యలో కిందికి వంగి ఉంటుంది కాబట్టి, రెండు చివరలూ కలిపే సరళరేఖ కింద ఉన్న త్రిభుజం కంటే ఏరియా తక్కువే ఉండాలి. త్రిభుజం ఏరియా ½ × 1.718 × 7.39, సుమారు 6.35. జవాబు సున్నాకీ 6.35కీ మధ్య ఎక్కడో ఉండాలి. (4e³ + 2)/27 విలువ సుమారు 3.05. ఈ అంచనా రెండు నిమిషాల పని. మొదటి రోజే చేయించి ఉంటే, కీ చూడకుండానే తన జవాబు తప్పని ఆమెకు తెలిసేది.

తర్వాత రెండో వరస దగ్గర వేలు పెట్టి, అక్కడ ఏం జరిగిందో మాటల్లో చెప్పమన్నాను. ఆమె చెప్పినది దాదాపు ఇదే: "∫ x²L² కి బై పార్ట్స్ వేశాను. x³L²/3 మైనస్ ఇంటిగ్రల్ వస్తుంది. ముందు మైనస్ ఉంది కాబట్టి మైనస్ x³L²/3, మైనస్ ఇంటిగ్రల్."

విషయం బయటపడింది. బయట ఉన్న మైనస్‌ని ఆమె మొదటి పదానికి మాత్రమే ఇస్తోంది. ఇంటిగ్రల్ ముందున్న మైనస్‌ని బై పార్ట్స్ సూత్రంలో భాగంగా, అంటే "uv మైనస్ ఇంటిగ్రల్" అనే మాటలో ఒక ముక్కగా, అలాగే అంటించేస్తోంది. ఆమె దృష్టిలో ఆ మైనస్ మారే వస్తువు కాదు. బ్రాకెట్ రాస్తే ఆమె తప్పు చేయదు. కానీ బ్రాకెట్ రాయడం లేదు, ఎందుకంటే ఒక్కసారి వేసే లెక్కల్లో దాని అవసరం ఎప్పుడూ రాలేదు. ఒకసారి కలిసి ఒకసారి కలవకపోవడానికి కారణం కూడా ఇదే: వరస పట్టక కొత్త లైన్‌కి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ ముక్కని విడిగా చేసి బ్రాకెట్‌లో తెచ్చి పెట్టేది. చోటు సరిపోతే నేరుగా రాసేది.

"బ్రాకెట్ పెట్టు" అని చెప్పి వదిలేయొచ్చు. చెప్పాను కూడా. కానీ పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఉన్నప్పుడు, పైనుంచి చెప్పిన జాగ్రత్త కంటే లోపల స్థిరపడిన అర్థమే పనిచేస్తుంది. ఆ గుర్తు అక్కడ ఎందుకు మారాలో ఆమెకు కనబడాలి అనుకున్నాను.

పనిచేసింది: మిగులు తీర్చడం

లెక్కని వెనక నుంచి చేయించాను. బై పార్ట్స్ అంటే లబ్ధ సూత్రాన్ని తిరగేయడమే కదా. కాబట్టి ముందు ఒక ఊహ రాద్దాం, డిఫరెన్షియేట్ చేద్దాం, ఎంత ఎక్కువైందో చూద్దాం, దాన్ని తీర్చడానికి ఇంకో పదం కలుపుదాం.

మనకు x²L³ కావాలి. మొదటి ఊహ x³L³/3. దీన్ని డిఫరెన్షియేట్ చేస్తే x²L³ వస్తుంది, దానితో పాటు x²L² కూడా వస్తుంది. రెండోది మనం అడగలేదు. అది మిగులు. దాన్ని తీర్చాలంటే −x³L²/3 కలపాలి. అది −x²L² ఇచ్చి పాత మిగులును తీరుస్తుంది, కానీ తన వంతుగా −(2/3)x²L అనే కొత్త మిగులు తెస్తుంది. ఈ మిగులు మైనస్‌లో ఉంది. మైనస్‌లో ఉన్నదాన్ని తీర్చాలంటే ప్లస్ కలపాలి.

ఇక్కడికి వచ్చేసరికి ఆమె నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. మిగతాది తనే రాసింది:

```
కలిపిన పదం   డిఫరెన్షియేట్ చేస్తే       మిగులు
 x³L³/3      x²L³ + x²L²           x²L²
−x³L²/3     −x²L² − (2/3)x²L      −(2/3)x²L
 2x³L/9      (2/3)x²L + (2/9)x²    (2/9)x²
−2x³/27     −(2/9)x²               0
```

చివరి వరసలో లాగ్ లేదు. అందుకే అది కొత్త మిగులు ఏదీ తేదు, లెక్క అక్కడ ముగుస్తుంది. తన పాత పేజీలో మూడో పదం −2x³L/9 అని ఉంది. దాన్ని ఈ టేబుల్‌లో పెట్టి చూసుకుంది. అప్పటికే −(2/3)x²L బాకీ ఉంది, దాని మీద ఇంకో −(2/3)x²L వచ్చి పడుతుంది. "తీర్చకుండా ఇంకా పెంచాను" అంది. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక గుర్తు గురించి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

దీనిలోంచి ఒక చిన్న నియమం కూడా ఆమే తీసింది. అసలు లెక్కలో x ఘాతం m, ఒక పదంలో లాగ్ ఘాతం k అయితే, తర్వాతి పదం గుణకం కోసం ఇప్పుడున్న గుణకాన్ని k తో గుణించి, m+1 తో భాగించి, గుర్తు మార్చాలి. ఇక్కడ m+1 = 3. గుణకం 1/3 తో మొదలు: మూడుతో గుణించి మూడుతో భాగిస్తే −1/3, రెండుతో గుణించి మూడుతో భాగిస్తే 2/9, ఒకటితో గుణించి మూడుతో భాగిస్తే −2/27. పుస్తకంలో ఉండే లఘూకరణ సూత్రం ఇదే:

```
∫ xᵐLⁿ dx = xᵐ⁺¹Lⁿ/(m+1) − (n/(m+1)) ∫ xᵐLⁿ⁻¹ dx
```

ఈ సూత్రాన్ని ముందే ఇచ్చేసి ఉండొచ్చు. వేరే పిల్లలకు ఇచ్చాను కూడా. బట్టీ పట్టినవాళ్లు వారం తర్వాత n ని m తో కలిపేస్తారు, లేదా లోపలి ఇంటిగ్రల్‌కి మళ్లీ వేసేటప్పుడు బయటి గుణకాన్ని వదిలేస్తారు. మిగులు తీర్చినవాళ్లకు సూత్రం మరిచిపోయినా నష్టం లేదు, మళ్లీ పుట్టించుకుంటారు.

రెండు చోట్ల మళ్లీ ఆగింది

వారం తర్వాత ∫ √x (ln x)² dx ఇచ్చాను. m+1 = 3/2. తడబడకుండా x³ᐟ²[2L²/3 − 8L/9 + 16/27] రాసింది. ఇక నయమైందనుకున్నాను. ఆ నమ్మకంతోనే ∫ (ln x)²/x³ dx ఇచ్చాను. ఆమె రాసినది ఇది:

```
x⁻² [ −L²/2 + L/2 − 1/4 ]
```

అన్ని లెక్కల్లోనూ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వచ్చాయి కాబట్టి, గుర్తులు మారడమే నియమం అనుకుంది. ఇక్కడ m = −3, m+1 = −2. గుర్తు మార్చడం ఒకటి, మైనస్ రెండుతో భాగించడం ఒకటి. రెండు మైనస్‌లు కలిస్తే గుర్తు ఉన్నట్టే ఉంటుంది. సరైన జవాబులో మూడు పదాలూ మైనస్సే: x⁻²[−L²/2 − L/2 − 1/4]. నేను ఏమీ చెప్పకుండా "మిగులు చూసుకో" అన్నాను. మొదటి పదం −x⁻²L²/2 ని డిఫరెన్షియేట్ చేసింది, L²/x³ వచ్చింది, −L/x³ మిగిలింది. దాన్ని తీర్చాలంటే +L/x³ కావాలి. x⁻²L ని డిఫరెన్షియేట్ చేస్తే ముందు −2 వస్తుంది, కాబట్టి గుణకం −1/2 పెట్టాలి. తనే దిద్దుకుంది. m+1 ధనాత్మకమైతే గుర్తులు మారుతూ పోతాయి, రుణాత్మకమైతే అన్నీ ఒకటే గుర్తుతో వస్తాయి. ఈ వాక్యం మాత్రం రాసుకోమన్నాను.

సున్నా నుంచి ఒకటి వరకు లిమిట్స్ ఇచ్చినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. x = 1 దగ్గర L సున్నా. x సున్నాకు దగ్గరయ్యేకొద్దీ x³L³, x³L², x³L అన్నీ సున్నాకే పోతాయి. లాగ్ ఎంత కిందికి లాగినా x ఘాతం దాన్ని గెలుస్తుంది. అన్ని పదాల్లోనూ చివరి గుణకం ఒక్కటే మిగులుతుంది: ∫₀¹ x²(ln x)³ dx = −2/27. ఈసారి మైనస్ రావడం న్యాయమే, సున్నాకీ ఒకటికీ మధ్య ln x రుణాత్మకం, దాని ఘనం కూడా అంతే. మొత్తంగా చూస్తే m > −1 ఉన్నంతవరకు విలువ (−1)ⁿ n!/(m+1)ⁿ⁺¹. యోహాన్ బెర్నూలీ 1697లో ∫₀¹ xˣ dx విలువను 1 − 1/2² + 1/3³ − 1/4⁴ + … అనే శ్రేణిగా రాబట్టింది ఈ ఇంటిగ్రల్స్‌తోనే. xˣ ని e^(x ln x) గా రాసి శ్రేణిగా విప్పితే, ప్రతి పదంలోనూ xⁿ(ln x)ⁿ వస్తుంది. చివరి గుణకం తప్పితే ఆ శ్రేణి మొత్తం తప్పుతుంది. ఆమెకు ఇది చాలా నచ్చింది, మొదటి ఐదు పదాలు కలిపి 0.7835 దగ్గర ఆగింది.

రెండోసారి ఆగినది m = −1 దగ్గర. ∫ (ln x)²/x dx ఇస్తే సూత్రం పెట్టి x⁰L²/0 అని రాసి తల ఎత్తింది. ఇక్కడ మిగులు పద్ధతి కూడా మొదటి మెట్టులోనే చెబుతుంది: x⁰ ని డిఫరెన్షియేట్ చేసి 1/x తెప్పించడం కుదరదు. కానీ బై పార్ట్స్ ఆగిపోలేదు, ఆగింది సూత్రమే. 1/x ని ఇంటిగ్రేట్ చేస్తే L వస్తుందని పెట్టి మొదటినుంచి చేయమన్నాను:

```
I = L²·L − ∫ L·(2L/x) dx = L³ − 2I
3I = L³
```

"eˣ sin x లో లాగా I తిరిగొచ్చింది సార్" అంది. అవును. జవాబు L³/3 + c. ln x = t పెట్టినా అదే కనిపిస్తుంది: మామూలుగా ముందుండే e^((m+1)t) ఇక్కడ e⁰ అయిపోతుంది, ∫ t² dt మాత్రమే మిగులుతుంది. తీర్చడానికి మిగులే లేదు.

చివరి క్లాసు

ఫిబ్రవరిలో ఒకరోజు అందరూ వెళ్లాక ఆమె ఆగిపోయింది. ∫ dx/(x ln x) కి కూడా అదే దారిలో బై పార్ట్స్ వేసిందట. 1/L ని డిఫరెన్షియేట్ చేసి, 1/x ని ఇంటిగ్రేట్ చేసి:

```
I = (1/L)·L + ∫ L·(1/(xL²)) dx
I = 1 + I
```

"ఒకటి సున్నాకి సమానం అంటోంది సార్. ఈసారి గుర్తులు నాలుగుసార్లు చూసుకున్నాను. తప్పు లేదు."

నిజంగానే గుర్తుల్లో తప్పు లేదు. నేను జవాబు చెప్పకుండా, మొదటి లెక్కలో లాగే లిమిట్స్ వేసి చూడమన్నాను. e నుంచి e² వరకు తీసుకుంది. ఎడమ పక్క I, కుడి పక్క I, మధ్యలో ఆ 1 కి పై లిమిట్‌లో 1, కింది లిమిట్‌లో 1. తీసివేస్తే సున్నా. I = 0 + I.

కాసేపు ఆ వరసనే చూసింది. "ఆ ఒకటి c లో కలిసిపోతుంది కదా సార్. రెండు I లూ ఒకటే అని నేనే అనుకున్నాను. వాటి మధ్య స్థిరాంకం తేడా ఉండొచ్చు." అవునన్నాను. అప్పుడు ln x = t పెట్టి ∫ dt/t రాసింది, 1 నుంచి 2 వరకు లిమిట్స్ మార్చింది, కింద ln 2 అని రాసి గీత గీసింది. ln 2 అంటే సుమారు 0.69. పక్కన చిన్నగా గ్రాఫ్ వేసి ఏరియా పాజిటివే అని టిక్ పెట్టుకుంది.